మెకానికల్ నుంచి ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌కి: జేడీలో కనిపించే గ్యాప్‌లను కవర్ లెటర్‌లో ఎలా పూడ్చాలి

ప్రశ్న: నేను హైదరాబాద్ శివారులో బోరు మోటార్లు తయారుచేసే కంపెనీలో ఆరేళ్లుగా డిజైన్ ఇంజనీర్‌ని. రైతులు ఫోన్ నుంచే మోటారు ఆన్, ఆఫ్ చేసుకునే స్టార్టర్లు తయారుచేసే ఒక స్టార్టప్‌లో ప్రొడక్ట్ మేనేజర్ పోస్టు చూశాను. జేడీలో మూడేళ్ల ప్రొడక్ట్ అనుభవం, యూజర్ ఇంటర్వ్యూలు, డేటాను బట్టి ప్రాధాన్యాలు నిర్ణయించడం, ఎజైల్ టీమ్‌తో పని, ఎస్‌క్యూఎల్ అడిగారు. నాకున్నవి సాలిడ్‌వర్క్స్, డీఎఫ్‌ఎంఈఏ, వారంటీ రిటర్న్‌ల విశ్లేషణ. నా డ్రాఫ్ట్ ఇలా మొదలవుతుంది: "మెకానికల్ ఇంజనీరింగ్‌లో ఆరేళ్ల అనుభవం, ప్రొడక్ట్ మేనేజ్‌మెంట్‌పై అపారమైన ఆసక్తి ఉన్న నేను..." ఇది సరిపోతుందా? చిన్న విషయమే కానీ, ఒకసారి మోటార్లు ఎందుకు కాలిపోతున్నాయో చూస్తే, మెకానిక్‌లు ప్రివెంటర్ తీసేసి డైరెక్ట్ ఇస్తున్నారని తెలిసింది. వైండింగ్ మార్చే ప్లాన్ ఆపించి ప్యానెల్ సెట్టింగ్ మార్పించాను, ఏడాదిలో ఆ రకం రిటర్న్‌లు దాదాపు సగం తగ్గాయి. ఇలాంటివి రాయొచ్చా?

సమాధానం:

మీరు "చిన్న విషయమే" అంటూ చివర్లో చెప్పిన ఆ ప్రివెంటర్ సంగతే మీ కవర్ లెటర్. మిగతాదంతా దాని చుట్టూ రావాలి. నేనూ మెకానికల్ చదివి, ప్లాంట్‌లో పనిచేసి ప్రొడక్ట్‌లోకి వచ్చినవాణ్నే. ఇప్పుడు ఈ పోస్టులకు వచ్చే దరఖాస్తులు చదవడం నా పనిలో భాగం. అందుకే చదివేవాళ్ల వైపు నుంచి చెబుతాను.

మీ రెజ్యూమె తెరవగానే చదివేవాళ్లకు వచ్చే అనుమానం ఒక్కటే. "ఇతను ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు డ్రాయింగ్ గీసే మనిషా, అసలు ఏం తయారుచేయాలో తేల్చగల మనిషా?" సాలిడ్‌వర్క్స్, టాలరెన్స్, కాస్టింగ్ అన్న మాటలన్నీ ఆ అనుమానాన్ని పెంచేవే. "అపారమైన ఆసక్తి" దాన్ని ఏమాత్రం తగ్గించదు, ఎందుకంటే ఆ మాట ఎవరైనా రాయగలరు. మీరు ఒక నిర్ణయం తీసుకున్నారని, అది వినియోగదారుడిని చూసి తీసుకున్నారని, దానికోసం ఇంకోదాన్ని వద్దన్నారని చూపిస్తేనే ఆ అనుమానం తీరుతుంది. ప్రివెంటర్ కథలో ఈ మూడూ ఉన్నాయి.

ముందు జేడీని విడగొట్టి చూద్దాం. అడిగిన ఐదింటికీ లెటర్‌లో జవాబు చెప్పాలనుకోకండి. ఆ పని చేస్తే లెటర్ పరీక్ష పేపర్‌లా తయారవుతుంది. ఆ ఐదు గ్యాప్‌లూ ఒక రకం కావు. యూజర్ ఇంటర్వ్యూలు మీరు చేశారు, కాకపోతే మీ కంపెనీలో దాన్ని ఫీల్డ్ విజిట్ అంటారు. అక్కడ తేడా పేరులోనే. ఎస్‌క్యూఎల్, ఎజైల్ నిజంగా లేనివే, కానీ కొన్ని వారాల్లో కొంతవరకు పూడ్చుకోగలరు. మూడేళ్ల ప్రొడక్ట్ అనుభవం మాత్రం ఏం చేసినా రాదు. దాని గురించి లెటర్‌లో ఒక్క మాట కూడా అక్కర్లేదు. "మూడేళ్ల అనుభవం లేకపోయినప్పటికీ" అని మొదలుపెట్టారంటే, మిమ్మల్ని పక్కన పెట్టడానికి కారణం మీరే రాసిచ్చినట్టు. ఆ అంకె వాళ్లు రెజ్యూమెలో ఎలాగూ చూస్తారు. చూశాక కూడా లెటర్ చదువుతున్నారంటే, దాన్ని పక్కన పెట్టడానికి ఒక కారణం వెతుకుతున్నారన్నమాట.

ఇప్పుడు మీ కథను దగ్గరగా చూద్దాం. మీరు రెండు వాక్యాల్లో ముగించారు గానీ లెటర్‌కు కావాల్సింది అందులోని వివరమే. త్రీ ఫేజ్ మోటారుకు ఒక ఫేజ్ పోతే, మిగిలిన వైండింగ్‌లలో కరెంటు పెరిగి వేడెక్కి కాలిపోతుంది. అలా జరగకుండా ఆపడానికే ప్రివెంటర్. స్టార్ కనెక్షన్ మోటారును విప్పినప్పుడు రెండు ఫేజుల వైండింగ్ నల్లబడి మూడోది శుభ్రంగా కనిపిస్తే, అది సింగిల్ ఫేజింగ్ వల్ల కాలిందని చెప్పొచ్చు. మూడూ ఒకేలా నల్లబడితే ఓవర్‌లోడ్ వైపు, లో వోల్టేజి వైపు చూడాలి. మీరు ఇదే గమనించి ఉంటారు. మోటారులో లోపం ఉంటే వైండింగ్ వైరు మార్చాలి. ప్రివెంటర్ పనిచేయకపోతే ప్యానెల్ మార్చాలి. కానీ ప్రివెంటర్ బాగానే ఉంది, మెకానిక్ దాన్ని తీసేశాడు. ఎందుకు తీశాడు? ఫేజుల మధ్య వోల్టేజి కాస్త అటూ ఇటూ అయినా అది ట్రిప్ అవుతోంది, రైతు రోజూ ఫోన్ చేసి విసిగిస్తున్నాడు, మెకానిక్‌కు ఊరికే తిరగడం దండగ. కాబట్టి డైరెక్ట్ ఇచ్చేశాడు.

ఇక్కడే మీరు ఇంజనీరు పని దాటి ప్రొడక్ట్ పనిలోకి వచ్చారు. ఉత్పత్తిని కొన్నది రైతు, దాన్ని బతికించేదీ చంపేదీ మెకానిక్. రక్షణ అతిగా పనిచేస్తే దాన్ని జనమే తీసేస్తారు. ఈ రెండు సంగతులు ఆ స్టార్టప్‌కు నేరుగా పనికొస్తాయి, ఎందుకంటే వాళ్ల స్టార్టర్ డబ్బా బిగించేదీ అదే మెకానిక్.

ప్రాధాన్యాలు నిర్ణయించడం గురించి ఒక హెచ్చరిక. మెకానికల్ నుంచి వచ్చేవాళ్లు చాలామంది "డీఎఫ్‌ఎంఈఏ చేశాను కాబట్టి ప్రయారిటైజేషన్ వచ్చు" అని రాస్తారు. ప్రొడక్ట్ మనిషికి అది నప్పదు. డీఎఫ్‌ఎంఈఏలో తీవ్రత, ఎంత తరచుగా జరుగుతుంది, ముందే పట్టుకోగలమా అన్న మూడింటికీ 1 నుంచి 10 వరకు మార్కులు వేసి గుణిస్తాం. అది ఏం చెడిపోతుందో చూసే లెక్క. ప్రొడక్ట్ టీముల్లో ఎక్కువగా వాడే రైస్ స్కోరులో ఎంతమందికి చేరుతుంది, ఎంత మేలు, మన అంచనా మీద మనకెంత నమ్మకం అన్నవాటిని గుణించి, పట్టే శ్రమతో భాగిస్తాం. అది ఏం చేస్తే ఎక్కువ లాభమో చూసే లెక్క. రెండూ ఒకటేనని రాస్తే, రెండోది మీకు తెలియదని ఒప్పుకున్నట్టే.

అయితే డీఎఫ్‌ఎంఈఏలో మీకు పనికొచ్చే సంగతి ఒకటుంది. తీవ్రత 9, 10 ఉన్న లోపాన్ని, మొత్తం లెక్క తక్కువ వచ్చినా సరే, వదిలేయకూడదన్నది ఆ పద్ధతిలో నేర్చుకునే మొదటి పాఠం. 2019లో ఆటోమొబైల్ పరిశ్రమ సంఘాలైన ఏఐఏజీ, వీడీఏ కలిసి తెచ్చిన హ్యాండ్‌బుక్ గుణకారం లెక్కను పక్కన పెట్టి, తీవ్రతకు ముందు పీట వేసే యాక్షన్ ప్రయారిటీ పద్ధతి తెచ్చింది కూడా ఇలాంటి కారణంతోనే. దీన్ని ఫోన్ స్టార్టర్‌కు అన్వయించి చూడండి. మెకానిక్ బోరు దగ్గర వైరు పట్టుకుని ఉంటాడు, రైతు ఊళ్లోంచి ఫోన్‌లో ఆన్ నొక్కుతాడు. ఇది జరిగే అవకాశం తక్కువ, కాబట్టి రైస్ స్కోరులో ఎప్పుడూ అడుగునే ఉంటుంది. జరిగితే మాత్రం ప్రాణం పోతుంది. అందుకే రిపేరు సమయంలో ఫోన్ నుంచి ఆన్ కాకుండా, డబ్బా దగ్గరే తిప్పే లాక్ ఒకటి స్కోరుతో పని లేకుండా ఉండి తీరాలి. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన అభ్యర్థికి ఈ ఆలోచన అంత తొందరగా రాదు. మీ నేపథ్యం బలంగా కనిపించే చోటు ఇదే, లెటర్‌లో దీనికి రెండు వాక్యాలు ఇవ్వండి.

ఎస్‌క్యూఎల్ సంగతి. "ప్రస్తుతం నేర్చుకుంటున్నాను" అని రాయొద్దు, అది అందరూ రాసేదే. మీ దగ్గర వారంటీ రిజిస్టర్ ఎక్సెల్‌లో ఉంటుంది కదా. కంపెనీ డేటా బయటికి తీసుకెళ్లకుండా, అలాంటి కాలమ్‌లతోనే కల్పిత డేటా ఒకటి తయారుచేసుకుని ఎస్‌క్యూలైట్‌లో వేయండి. మొదట రాసేది ఇలా ఉంటుంది:

```sql
SELECT district, failure_mode, COUNT(*) AS returns
FROM warranty
GROUP BY district, failure_mode
ORDER BY returns DESC;
```

ఇది నడపగానే ఎక్కువ అమ్మిన జిల్లాయే పైన కనిపిస్తుంది. అక్కడ మోటార్లు ఎక్కువ చెడిపోతున్నాయని కాదు, అక్కడ ఎక్కువ ఉన్నాయని మాత్రమే అర్థం. కాబట్టి అమ్మకాల టేబుల్‌ను కలిపి, వెయ్యి మోటార్లకు ఎన్ని రిటర్న్ అయ్యాయో లెక్కగట్టాలి. ఆ రెండో క్వెరీ మీ అంతట మీరు రాయగలిగాకే లెటర్‌లో ఎస్‌క్యూఎల్ మాట ఎత్తండి. ఇంటర్వ్యూలో అడిగేది దాదాపు ఈ మోతాదులోనే ఉంటుంది.

ఎజైల్ విషయంలో సూటిగా ఉండండి. కాస్టింగ్ ప్యాటర్న్ ఒకసారి తయారయ్యాక మార్పు అంటే నెలలు, డబ్బు. యాప్ అయితే తప్పును మళ్లీ వారం సరిచేసి పంపొచ్చు. ఈ తేడా మీకు తెలుసని ఒక్క వాక్యంలో చెప్పి, స్ప్రింట్‌లలో పనిచేయలేదని అక్కడే ఒప్పుకోండి. లెటర్ మొత్తంలో ఒప్పుకోవాల్సిన లోటు ఇదొక్కటే. దానికి పక్కనే, మీరు సొంతంగా రాసిన రెండు పేజీల పీఆర్‌డీ, అంటే ప్రొడక్ట్ ఏం చేయాలో చెప్పే పత్రం, జతచేయండి. విషయం నేను పైన చెప్పిన రిపేరు లాక్ అయినా సరే. సమస్య ఎవరిది, ఇప్పుడు ఏం చేస్తున్నారు, మనం ఏం చేస్తాం, ఏం చేయం, పనిచేసిందని ఎలా తెలుస్తుంది అన్న ఐదింటికి జవాబులుంటే చాలు. "ఏం చేయం" అన్న భాగం ఖాళీగా వదిలేసే అభ్యర్థులే ఎక్కువ. చదివేవాళ్లు ముందు చూసేది మాత్రం అదే.

రాసే ముందు ఇంకొక పని ఉంది. ప్లే స్టోర్‌లో వాళ్ల యాప్ రివ్యూలు, వాళ్లకు పోటీగా ఉన్న రెండు మూడు యాప్‌ల రివ్యూలు కొత్తవి పైన వచ్చేలా పెట్టుకుని చదవండి. ఒక్కొక్క ఫిర్యాదును షీట్‌లో ఒక వరుసగా రాసి, ఏ రకమో పక్కన రాయండి. సిగ్నల్ లేదు, సిమ్ రీఛార్జ్ అయిపోయింది, ఆన్ అయిందో లేదో తెలియలేదు, ఇలా గుంపులు వాటంతటవే ఏర్పడతాయి. తర్వాత మీకు తెలిసిన మెకానిక్‌లు నలుగురైదుగురితో మాట్లాడండి. "ఈ ఫీచర్ ఉంటే వాడతారా" అని అడగొద్దు, అందరూ ఊ అంటారు. "పోయినసారి ఇది బిగించినప్పుడు ఏం జరిగింది" అని అడగండి.

ఈ ఉత్పత్తిలో రాష్ట్రాల తేడా కూడా గమనించదగ్గది. ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి పగటిపూట 9 గంటల సరఫరా విధానం కాబట్టి, కరెంటు రాగానే దానంతటదే ఆన్ అయ్యే ఆటో మోడ్ రైతుకు కావాలి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. అంటే ఒకే డబ్బాకు రెండు రాష్ట్రాల్లో డీఫాల్ట్ సెట్టింగ్ వేరుగా ఉండాల్సి రావచ్చు. "మీ కంపెనీయే ఎందుకు" అన్న ప్రశ్నకు, వాళ్ల వెబ్‌సైట్‌లోని లక్ష్యాన్ని పొగడటం కన్నా ఇలాంటి ఒక్క పరిశీలన చాలా నయం.

ఇక లెటర్. మీరు ఇంగ్లీషులోనే పంపుతారు, కానీ ముందు ఆలోచన తేటపడాలి కాబట్టి తెలుగులో రాస్తున్నాను. మీరు చెప్పని చోట వివరాలు నేను ఊహించాను. అవి మీ అసలు వివరాలతో మార్చుకోండి.

> హైరింగ్ మేనేజర్ గారికి,
>
> మా మోటార్లు వారంటీలో కాలి తిరిగొస్తున్నప్పుడు, వైండింగ్‌ను మెరుగుపరచాలని మా కంపెనీ అనుకుంది. నేను తిరిగొచ్చిన మోటార్లు విప్పి చూస్తే చాలావాటిలో రెండు ఫేజులే నల్లబడి ఉన్నాయి. కారణం వెతుక్కుంటూ ఊళ్లకు వెళ్లి మెకానిక్‌లతో మాట్లాడాను. వోల్టేజి కాస్త మారినా ప్రివెంటర్ ట్రిప్ అవుతోందని, రైతుల ఫోన్లు తట్టుకోలేక వాళ్లే దాన్ని తీసేస్తున్నారని తెలిసింది. వైండింగ్ మార్పు వద్దని, ట్రిప్ సెట్టింగ్ మార్చడమే సరైనదని నేను ప్రతిపాదించి, సర్వీస్, పర్చేజ్ విభాగాలను, ప్యానెల్ సప్లయర్‌ను ఒప్పించాను. ఏడాదిలో ఆ రకం రిటర్న్‌లు దాదాపు సగానికి తగ్గాయి.
>
> మీ స్టార్టర్‌ను బిగించేదీ ఆ మెకానిక్‌లే కాబట్టి మీకు రాస్తున్నాను. మీ యాప్ రివ్యూలు, అలాంటి ఇతర యాప్‌ల రివ్యూలు చదివి వర్గీకరించాను. ఎక్కువగా కనిపించిన ఫిర్యాదు, మోటారు నిజంగా ఆన్ అయిందో లేదో తెలియకపోవడం. నాతో మాట్లాడిన మెకానిక్‌లు కూడా ఇదే చెప్పారు.
>
> ఫీచర్లను ఎంతమందికి మేలు, ఎంత శ్రమ అని తూచడం అవసరమే. కానీ ఫోన్‌తో మోటారు నడిపే ఉత్పత్తిలో, రిపేరు సమయంలో పొరపాటున ఆన్ కాకుండా చూడటం లాంటి కొన్ని ఆ తూకానికి బయట ఉండాలి. ఆరేళ్ల డీఎఫ్‌ఎంఈఏ పని నాకు నేర్పింది ఇదే. దీనిపై రెండు పేజీల పీఆర్‌డీ జతచేశాను.
>
> నేను ఇప్పటివరకు సాఫ్ట్‌వేర్ టీమ్‌తో స్ప్రింట్‌లలో పనిచేయలేదు. మార్పుకు నెలలు పట్టే హార్డ్‌వేర్ నుంచి వస్తున్నాను. అందుకే ఏది ఫర్మ్‌వేర్‌లో వదలొచ్చు, ఏది డబ్బా తయారయ్యేలోపే తేలాలి అన్నది ముందే అడిగే అలవాటు ఉంది. రిటర్న్ రేటు లాంటి ప్రశ్నలకు ఎస్‌క్యూఎల్‌లో నేనే జవాబు తీసుకోగలను.
>
> పీఆర్‌డీలో మీకు తప్పుగా అనిపించిన చోటు గురించి అరగంట మాట్లాడే అవకాశం ఇస్తే సంతోషిస్తాను.

ఇందులో ఆరేళ్ల అనుభవం ఎక్కడొచ్చిందో చూడండి. మూడో పేరాలో, ఒక అభిప్రాయానికి ఆధారంగా వచ్చింది. సాలిడ్‌వర్క్స్ అసలు రాలేదు, అది రెజ్యూమెలో ఉంటే చాలు. "ఎక్కువగా కనిపించిన ఫిర్యాదు" అన్నచోట నేను రాసింది ఉదాహరణే. మీ షీట్‌లో వేరేది వస్తే అదే రాయండి. రివ్యూలు రాసేవాళ్లు రైతులందరికీ ప్రతినిధులు కారు, యాప్ అసలు తెరవకుండా మిస్డ్ కాల్‌తోనే మోటారు నడిపేవాళ్లు అందులో కనిపించరు. ఇంటర్వ్యూలో ఆ సంగతి వాళ్లు ఎత్తకముందే మీరు ఎత్తితే మంచిది.

రెండు చోట్ల మాత్రం జాగ్రత్త. ఒకటి, "నేను", "మేము" తేడా. ప్రతిపాదించింది మీరు, ఆమోదించింది మీ మేనేజర్ అయితే అలాగే రాయండి. "వైండింగ్ ప్లాన్ ఆపించింది మీరేనా? ఎవరు ఒప్పుకోలేదు? వాళ్లకు ఏం చెప్పారు?" అని తప్పకుండా అడుగుతారు. ఒప్పుకోనివాళ్ల వాదన ఏమిటో మీరు వివరంగా చెప్పగలిగితే కథ నిలబడుతుంది, లేకపోతే అక్కడే తేలిపోతుంది. సెట్టింగ్ వదులు చేయడం వల్ల అసలు రక్షణ తగ్గలేదని ఎలా నిర్ధారించుకున్నారని కూడా అడుగుతారు. ట్రిప్ అయ్యే ముందు ఎంత సేపు ఆగేలా పెట్టారు, అంతసేపు ఒక ఫేజ్ లేకుండా నడిస్తే వైండింగ్ ఎంత వేడెక్కింది, టెస్ట్ బెడ్ మీద చూశారా అన్నవి గుర్తు చేసుకుని వెళ్లండి.

రెండోది గోప్యత. మీ కంపెనీ రిటర్న్ శాతాలు, ఏ మోడల్, ఏ సప్లయర్ అన్నవి లెటర్‌లో గానీ పీఆర్‌డీలో గానీ రాకూడదు. "దాదాపు సగం" అంటే చాలు. తన ఇప్పటి కంపెనీ రహస్యాలు బయటపెట్టే అభ్యర్థి రేపు తమవీ బయటపెడతాడని చదివేవాళ్లకు అనిపిస్తుంది. ఇంటర్వ్యూలో అసలు అంకె అడిగినా, నిష్పత్తి మాత్రమే చెప్పగలనని చెప్పండి, దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

పీఆర్‌డీ రాశాక, పేర్లు, అంకెలు తీసేసి ఇక్కడ పెట్టండి. "ఏం చేయం" అన్న భాగం నేను చూస్తాను.